మూడో కౌంటర్లో పడని ధర

"డబ్బు పోయినందుకు రాలేదు సార్. డబ్బు వచ్చిందని చెప్పినందుకు వచ్చాను," అంది టైలరమ్మ.

మేనేజర్ గదిలో ఏసీ గట్టిగా పని చేస్తోంది. అయినా మూడో కౌంటర్ క్యాషియర్‌కి వీపు మీద చెమట పట్టింది. ఆమెని సూపర్‌మార్కెట్లో అందరూ వదిన అనే పిలుస్తారు. ఆమె మరిది ఇక్కడ స్టోర్ గదిలో పని చేసేవాడు. అతను వేరే ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాడు కానీ, అతను అలవాటు చేసిన పిలుపు మాత్రం ఇక్కడే ఉండిపోయింది. సెక్యూరిటీ గార్డు దగ్గర్నించి కూరగాయలు తూచే పెద్దాయన దాకా అందరికీ ఆమె వదినే.

టైలరమ్మ తన ఫోన్ని బల్ల మీద తిప్పి పెట్టింది. "చదవండి. 'మీ బిల్లులో ధర తేడా నగదుగా వాపసు ఇవ్వబడింది.' నాకెవరిచ్చారు? బట్టలుతికే లిక్విడ్ డబ్బా కొన్నాను. పైన ఇంత బోర్డు వేలాడదీశారు, కొత్త సరుకు, పరిచయ ధర అని. ఇంటికెళ్ళాక చూసుకుంటే మామూలు ధరే పడింది. పోనీలే, మళ్ళీ అంత దూరం ఎవరు వెళ్తారని ఊరుకున్నాను. నేను ఊరుకున్నా మీ మెసేజ్ ఊరుకోలేదు. నా వాపసు ఎవరు తిన్నారు?"

"బిల్లు తెచ్చారా అమ్మా?"

"బిల్లు గేటు దగ్గర బుట్టలో పడేశాను. ఇంటికొచ్చాక ఫోన్‌కి వచ్చిన బిల్లులో చూసుకున్నా."

మేనేజర్ ఆమె చేతికి తేడా డబ్బు ఇచ్చి, రెండుసార్లు క్షమాపణ చెప్పి పంపేశాడు. తలుపు మూసుకున్నాక అతని గొంతు మారింది.

"కూర్చో వదినా." తర్వాత ఆ పిలుపు తప్పనిపించిందేమో, "కూర్చోండి," అన్నాడు.

ఆ 'అండి' ఆమెకి చెంపదెబ్బలా తగిలింది.

"ఈ మెసేజులు హెడ్డాఫీసు వాళ్ళు ఈ వారమే మొదలుపెట్టారు. మనకే సరిగ్గా చెప్పలేదు. ఈవిడ మాట విన్నాక, మిమ్మల్ని పైకి పిలిచేముందే నేను వాపసులన్నీ తీసి చూశాను. ఈ లిక్విడ్ డబ్బా మీద తేడా వాపసులు ఒక్క మూడో కౌంటర్లోనే పడ్డాయి. అన్నీ మీ లాగిన్ మీదే. మిగతా కౌంటర్లలో ఒక్కటి లేదు."

"సార్, నేనెప్పుడూ వాపసు ఇవ్వలేదు. ఇవ్వాలంటే సూపర్‌వైజర్ కార్డు గీయాలి కదా?"

"గీశారు. ఆ కార్డు ఎక్కడుంటుందో మీకు తెలీదా?"

తెలుసు. సూపర్‌వైజర్ దాన్ని దారానికి కట్టి ఎంక్వైరీ బల్ల వెనక మేకుకి తగిలిస్తాడు. రద్దీ వేళ ఎవరికి కావాలంటే వాళ్ళు తెచ్చుకుంటారు.

"అతన్ని అడిగితే ఏమంటాడు? ఎవరో కస్టమర్ వచ్చాడన్నారు, కార్డిచ్చాను అంటాడు. రేపు సాయంత్రం హెడ్డాఫీసు వాళ్ళు వస్తున్నారు. అప్పటిలోగా మీరు నిజం చెబితే రాజీనామాతో సరిపెడతాను. లేకపోతే దొంగతనం అని రాస్తారు. ఆ మాట పడ్డాక ఏ కొట్టు వాడూ మిమ్మల్ని గల్లాపెట్టె దగ్గర నిలబెట్టడు. ఈ విషయం బయట ఒక్కరికి కూడా చెప్పొద్దు."

ఎందుకు చెప్పొద్దంటున్నాడు? మెట్లు దిగుతుంటే మొదటిసారి ఆ ప్రశ్న ఆమె మనసులో ముల్లులా గుచ్చుకుంది. మేనేజర్ దగ్గరా ఒక కార్డు ఉంది. పై గది అద్దంలోంచి కౌంటర్లన్నీ కనిపిస్తాయి. ఎవరు ఎప్పుడు లేచి వెళ్తారో ఆయన కంటే బాగా ఎవరికి తెలుసు?

మూడో కౌంటర్ తన కౌంటరే. రోజూ కూర్చునే కుర్చీయే. ఇవాళ మాత్రం ఎవరో కూర్చుని లేచి వెళ్ళినట్టు అనిపించింది.

నాలుగో కౌంటర్లోంచి చిట్టి వంగి చూసింది. పాతికేళ్ళ పిల్ల, నోటికి తాళం ఉండదు. "ఏంటి వదినా, పైకి పిలిచారు? ప్రమోషనా? పార్టీ ఎప్పుడు?"

"ప్రమోషనే. ఇంటికి."

చిట్టి పకపకా నవ్వింది. ఆ నవ్వు కూడా వదినకి అనుమానంగానే వినిపించింది. భోజనం వేళ తన కౌంటర్ చూసేది చిట్టే కదా. టీ వేళ చూసేది సూపర్‌వైజర్. అతని నోట్లోంచి తీపి తప్ప వేరే రుచి రాదని స్టాఫంతా వెనకాల అతన్ని పంచదార అంటారు. ఇవాళ అతనికి వారపు సెలవు. ఈ గొడవ అతని చెవిన ఇంకా పడలేదు.

ముగ్గురు. ముగ్గురికీ కార్డు అందుతుంది. ముగ్గురికీ తన కుర్చీ అందుతుంది. లాగిన్ తెరిచి ఉంచి లేవడం తన అలవాటే. మళ్ళీ మళ్ళీ తెరవడం ఎందుకులే అనుకునేది. కానీ దొంగ సంగతి తర్వాత. అసలు ఆఫర్ తన దగ్గరే ఎందుకు పడటం లేదు? దుకాణమంతటికీ కంప్యూటర్ ఒకటే. పక్క కౌంటర్లో పడే ధర తన కౌంటర్లో ఎలా ఎగిరిపోతుంది?

ఆమె ఇంటికి ఫోన్ చేసింది.

"అత్తయ్యా, ఒక పని చేయాలి. మా మార్కెట్‌కి వచ్చి రెండు లిక్విడ్ డబ్బాలు కొనాలి. ఒకటి నాలుగో కౌంటర్లో, ఇంకోటి నా దగ్గర. నన్ను ఎరగనట్టే ఉండండి."

"నిన్ను ఎరగనట్టు ఉండటం నాకేం కష్టం? పెళ్ళయిన కొత్తలో ఏడాది పాటు అలాగే ఉన్నాగా," అంది అత్తగారు.

సాయంత్రం ఆవిడ వచ్చింది. అంతటితో ఆగితే బాగుండేది. దుకాణంలోకి రాగానే తన పాత్రలో మునిగిపోయింది. పరిచయ ధర బోర్డు కింద నిలబడి, "నిజంగానే ఇస్తారా, లేక రాతలేనా?" అని సేల్స్ అమ్మాయిని నిలదీసింది. నాలుగో కౌంటర్లో చిల్లర మూడుసార్లు లెక్కపెట్టింది. మూడో కౌంటర్ దగ్గరికి వచ్చి, కోడలి మొహంలోకి చూసి, "నీకు పెళ్ళయిందా అమ్మాయ్? అత్తగారు మంచిదేనా?" అని అడిగింది.

"బంగారం," అంది వదిన పళ్ళ బిగువున. "డబ్బా ట్రాలీలోనే ఉంచండి పెద్దమ్మా, ఎత్తక్కర్లేదు."

ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు రెండు బిల్లులూ వంటగది గట్టు మీద పరిచి, నడుముకి వేడినీళ్ళ సంచీ పెట్టుకుని కూర్చుంది. వదిన చెప్పులైనా విప్పకుండా బిల్లుల మీదికి వంగింది. రెండింట్లోనూ డబ్బా పక్కన మామూలు ధరే ఉంది. గుండె ఒక్కసారి తేలికపడింది. తప్పు కంప్యూటర్‌దే! మరుక్షణం నాలుగో కౌంటర్ బిల్లు అడుగున, మొత్తానికి సరిగ్గా పైన, చిన్న అక్షరాల్లో ఒక లైను కనిపించింది. 'పరిచయ ఆఫర్ తగ్గింపు.' తన బిల్లులో ఆ లైను లేదు.

అందుకే జనం పట్టుకోలేకపోతున్నారు. సరుకు పక్కన ఎప్పుడూ మామూలు ధరే అచ్చవుతుంది. తగ్గింపు అడుగున విడిగా వస్తుంది. ఆ లైను వెతుక్కుంటే తప్ప తేడా తెలీదు.

"చూశారా, నా కౌంటర్లో ఎవరో ఏదో చేశారు," అంది.

ఆమె భర్త ఎలక్ట్రీషియన్. అతను బిల్లు లైటు కింద పట్టుకుని, "తీగ ఒకటే అయినప్పుడు ఒక గదిలోనే దీపం వెలగలేదంటే, లోపం ఆ గదిలోనే ఉంటుంది. ఆ పిల్ల చేసేది ఏంటి, నువ్వు చేసేది ఏంటి?" అన్నాడు.

"ఒకటే పని. అదే మిషను."

"ఒకటే పనా?" అత్తగారు మూలిగింది. "ఆ పిల్ల నా చేత అయిదు లీటర్ల డబ్బా బల్ల మీదికి ఎత్తించింది. నా నడుము అక్కడే విరిగింది. నువ్వే నయం, ఎత్తొద్దన్నావు."

వదిన చేతిలో బిల్లు గట్టు మీద పెట్టేసింది.

డబ్బా ఎత్తొద్దని ఆమె అందరికీ చెబుతుంది. బరువైన సరుకులకి బార్‌కోడ్‌లు కత్తిరించి, ఒక అట్ట మీద అంటించి, కీబోర్డు పక్కన పెట్టుకుంది. బియ్యం బస్తా, నీళ్ళ క్యాను, లిక్విడ్ డబ్బా. కస్టమర్ సరుకు ఎత్తక్కర్లేదు, తను అట్ట మీద స్కానర్ చూపిస్తే చాలు. ప్రతి సరుకునీ విడిగా స్కాన్ చేయాలన్నది నియమం. కానీ ఆ అట్ట వల్లే తన క్యూ అందరికంటే త్వరగా కదిలేది. ముసలివాళ్ళు ఆమె కౌంటరే వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు.

ఆ లిక్విడ్ బార్‌కోడ్ ఎప్పుడు కత్తిరించింది? ఆఫర్ మొదలవకముందు, షాపులో చూపించడానికి కంపెనీ నమూనాగా పంపిన మొదటి డబ్బా పెట్టె మీంచి. ఆ తర్వాతే 'పరిచయ ఆఫర్' అని ముద్ర వేసిన డబ్బాలు వచ్చాయి. ఆమె స్నానాల గది పక్కన పెట్టిన రెండు డబ్బాల దగ్గరికి పరిగెత్తింది. వెనక ఉన్న అంకెలు చూసింది. అట్ట మీది అంకెలు ఆమెకి కంఠతా వచ్చు. చివరి అంకెలు వేరు.

ఆఫర్ కొత్త బార్‌కోడ్‌కి కట్టి ఉంది. తను చూపించేది పాతది. కంప్యూటర్ తనకి తెలిసిన మామూలు ధరే వేసింది. అంతే.

"నేనే," అంది, గోడకి ఆనుకుని. "అందరికీ ఎక్కువ వేసింది నేనే."

"తెలిసి చేశావా?" అంది అత్తగారు.

"లేదు."

"మరి ఆ వాపసులు మింగినవాడికి తెలుసుగా? వాడు తెలిసే చేశాడు. ముందు వాణ్ణి చూడు. నీ ఏడుపు తర్వాత ఏడుద్దువు గాని, నేనూ కలుస్తాను."

ఆ మాటతో ఆమె బుర్ర పని చేయడం మొదలుపెట్టింది. దొంగకి తన అట్ట సంగతి తెలుసు. తన దగ్గర ఆఫర్ పడదని తెలుసు. జనం బుట్టలో పడేసిన బిల్లులు ఏరుకుని, తన లాగిన్ మీద వాపసు కొట్టి, గల్లాలోంచి తేడా తీసుకుంటున్నాడు. వాపసు లెక్కలో పడుతుంది కాబట్టి సాయంత్రం గల్లా సరిగ్గానే సరిపోతుంది. అందుకే ఇన్నాళ్ళూ ఎవరికీ తెలీలేదు.

అయితే, ఆఫర్ పడటం మొదలైందని దొంగకి తెలియకపోతే?

ఆమె కత్తెర తీసుకుంది.

మర్నాడు పొద్దున అట్ట యథాప్రకారం కీబోర్డు పక్కనే ఉంది. కానీ కొత్త అట్ట. దాని మీద లిక్విడ్‌ది, రాత్రి డబ్బా మీంచి ఊడదీసిన కొత్త బార్‌కోడ్. పాత అట్ట ఆమె కోటు జేబులో ఉంది. మొదటి డబ్బా రాగానే స్కాన్ చేసి, బిల్లు అడుగున చూసింది. తగ్గింపు లైను పడింది. తర్వాతి బిల్లులోనూ పడింది. ప్రతి బిల్లులోనూ పడింది.

పంచదార సెలవు ముగించుకుని వచ్చాడు. తెల్లటి చొక్కా, నిన్న కత్తిరించుకున్న మీసం. "వదినా, నీరసంగా ఉన్నావేంటి? అన్నయ్య వండిపెట్టట్లేదా?" అని నవ్వి వెళ్ళిపోయాడు. దొంగ ఇంత హాయిగా నవ్వుతాడా? ఏమో, నవ్వగలిగినవాడే దొంగతనం చేయగలడేమో.

భోజనం వేళ చిట్టి వచ్చి కూర్చుంది. వదిన లంచ్ గదికి వెళ్ళకుండా బిస్కెట్ల అల్మరా వెనక నక్కింది. చిట్టి బిల్లులు కొట్టింది. అటూ ఇటూ చూసింది. గబుక్కున చెయ్యి జేబులోకి పోనిచ్చింది. వదిన ముందుకి వంగింది. చిట్టి జేబులోంచి చాక్లెట్ తీసి, నోట్లో వేసుకుని, కాగితం తన సాక్సులో దోపుకుంది. కౌంటర్లో తినకూడదన్నది రూలు మరి.

"ఏంటి వదినా, ఇక్కడ దాక్కున్నావు?" వెనక నుంచి సెక్యూరిటీ గార్డు గొంతు. ఆమె ఎగిరిపడింది.

"బిస్కెట్లు ఏవి పాతవో చూస్తున్నా అన్నా."

"సూపర్‌వైజర్ గారు కూడా ఇలాగే. ఈమధ్య గేటు దగ్గర బుట్ట ఆయనే ఖాళీ చేస్తున్నారు. చెత్త నేను పడేస్తానంటే, కాదు, శుభ్రం నా బాధ్యత అంటారు. పెద్ద మనసు."

అంటే బిల్లులు ఏరేది అతనే, అనుకుంది వదిన. అయినా అదొక్కటే చాలదు. చెత్త ఎత్తడం నేరం కాదు. పైగా పై గదిలో ఉన్నాయన కూడా ఇందులో భాగస్వామి అయితే?

టీ వేళయింది. పంచదార చేతులు వెనక్కి కట్టుకుని వచ్చాడు.

"లే వదినా, టీ తాగిరా. అల్లం వేసి పెట్టించాను. తొందరేం లేదు, నేను చూసుకుంటాగా."

ఆమె ఎప్పటిలాగే లాగిన్ తెరిచి ఉంచి లేచింది. టీ గది వైపు నడిచి, మలుపు తిరగ్గానే మెట్లెక్కింది.

మేనేజర్ తలెత్తాడు. "నిజం చెప్పడానికి వచ్చారా?"

"అవును సార్." ఆమె పాత అట్ట తీసి బల్ల మీద పెట్టింది. దాని అంచులు చేతుల మురికికి నల్లబడి ఉన్నాయి. "ఆఫర్ నా కౌంటర్లో పడకపోవడానికి కారణం ఇదే. పాత బార్‌కోడ్. ఆఫర్ కొత్తదానికి ఉంది. నేను డబ్బా ఎత్తించకుండా దీన్ని స్కాన్ చేస్తూ వచ్చాను."

అతను అట్ట తిప్పి చూశాడు. మొహం ఎర్రబడింది. "అంటే మీరే! రూలు తప్పి, జనానికి ఎక్కువ వేసి..."

"ఆ తప్పు నాదే. వాపసులు నావి కాదు. ఇవాళ పొద్దున్నించీ కొత్త బార్‌కోడే వాడుతున్నాను. ఇవాళ నా దగ్గర డబ్బా కొన్న ప్రతివాళ్ళకీ తగ్గింపు పడింది. అంటే ఇవాళ నా కౌంటర్లో ఎవరికీ తిరిగి ఇవ్వాల్సిన తేడా లేదు. మీ కంప్యూటర్లో వాపసులు కనిపిస్తాయిగా. ఒక్కసారి తెరిచి పెట్టండి సార్."

మేనేజర్ ఆమె వంక ఎగాదిగా చూశాడు. తర్వాత తెర తిప్పాడు. మూడో కౌంటర్ వాపసులు: ఖాళీ.

ఇద్దరూ ఆ ఖాళీని చూస్తూ కూర్చున్నారు. అద్దంలోంచి కింద కౌంటర్లు కనిపిస్తున్నాయి. చిట్టి తన కౌంటర్లో ఎవరితోనో చిల్లర గురించి వాదిస్తోంది. పంచదార వదిన కుర్చీలో కూర్చుని ఒక కుటుంబానికి బిల్లు కొట్టి, నవ్వి పంపించాడు. తర్వాత ఎవరూ రాలేదు. తెర ఖాళీగానే ఉంది. మేనేజర్ వేళ్ళతో బల్ల మీద దరువు వేశాడు. ఒక తెల్ల కాగితం తీసి ఆమె ముందుకి తోశాడు.

"రాజీనామా రాయండి. మీరు ఒప్పుకున్నారు కాబట్టి..."

ఆమె పెన్ను పట్టుకోలేదు. చూపు అద్దం మీదే ఉంది. ఇవాళ చేయడేమో. ఎవరో ఉప్పందించారేమో. ఈయనే ముందుగా చెప్పేశాడేమో.

కింద పంచదార చుట్టూ చూసి, ప్యాంటు జేబులోంచి నలిగిన కాగితాలు తీశాడు. బల్ల మీద అరచేత్తో సాపు చేశాడు. మేకు మీంచి తీసి మెడలో వేసుకున్న కార్డు పట్టుకుని ముందుకి వంగాడు.

తెర మీద లైను పడింది. ధర తేడా వాపసు, మూడో కౌంటర్, నగదు. ఆ వెనకే ఇంకోటి.

"సార్," అంది వదిన. గొంతు తనకే కొత్తగా ఉంది. "నేను ఇక్కడ మీ ఎదురుగా ఉన్నాను. అక్కడ నా పేరుతో ఎవరికి తిరిగిస్తున్నారు? కౌంటర్ ముందు మనిషే లేడు."

మేనేజర్ ఆ బిల్లు నంబరు నొక్కాడు. బిల్లు తెరుచుకుంది. అడుగున, మొత్తానికి పైన, చిన్న అక్షరాల్లో: పరిచయ ఆఫర్ తగ్గింపు. అతను కుర్చీ వెనక్కి పడేలా లేచాడు.

వాళ్ళిద్దరూ కిందికి వచ్చేసరికి పంచదార గల్లా మూస్తున్నాడు.

"అప్పుడే టీ అయిపోయిందా వదినా? ఓ, సార్ కూడానా!"

"ఇప్పుడు ఎవరికి వాపసు ఇచ్చావ్?" అన్నాడు మేనేజర్.

"ఒక పెద్దాయన సార్. ఆఫర్ పడలేదని గొడవ చేస్తే తేడా ఇచ్చి పంపాను. పాపం వదిన కౌంటర్లో ఈ బాధ తరచూ ఉంది. మీకు చెబితే ఆమె మాట పడుతుందని దాచాను."

వదినకి ఒక్క క్షణం ఆ మాట నమ్మాలనిపించింది. అంత మెత్తగా చెప్పాడు. ఆమె చెయ్యి చాచి, అతని అరచేతి కింద ఉన్న బిల్లు లాగి, అడుగు లైను మీద వేలు పెట్టింది.

"ఆఫర్ పడిందిగా. ఇంక దేనికి ఇచ్చావు?"

పంచదార ఆ లైను చూశాడు. సరుకు పక్కనున్న మామూలు ధర చూసి, అడుగుదాకా చూడాల్సిన పని లేదనుకున్న మనిషి అతను. తర్వాత ఆమె మీదికో, మేనేజర్ మీదికో కాదు, అతని చూపు తిన్నగా కీబోర్డు పక్కనున్న అట్ట మీదికి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది.

"దాని వంక ఎందుకు చూస్తున్నావ్?" అన్నాడు మేనేజర్ నెమ్మదిగా. "అది మారిందని నీకెలా తెలుసు?"

పంచదార నోట్లో తీపి అయిపోయింది. అదంతా ఒకసారి నిజంగా గొడవ చేసిన కస్టమర్‌కి వాపసు ఇచ్చిన రోజు మొదలైందని తర్వాత చెప్పాడు. ఆ రోజే అతను అట్ట చూశాడు, కారణం గ్రహించాడు, నోరు మూసుకున్నాడు.

హెడ్డాఫీసు వాళ్ళు వచ్చి అతని కార్డు పట్టుకుపోయారు, అతన్నీ ఉద్యోగంలోంచి పంపించేశారు. వదినకి దొంగ అన్న మాట పడలేదు. మెమో మాత్రం పడింది, రూలు తప్పినందుకు. ఎక్కువ కట్టిన కస్టమర్లందరికీ ఫోన్ చేసి తేడా తిరిగి ఇప్పించే పని కూడా ఆమెకే పడింది. కొందరు మెచ్చుకున్నారు. కొందరు, "ఇదేదో కొత్త మోసమా అమ్మా? ఓటీపీ అడుగుతావా?" అని ఫోన్ పెట్టేశారు. వాళ్ళని ఆమె తప్పు పట్టలేకపోయింది.

మూడో కౌంటర్లో ఇప్పుడు అట్ట లేదు. పొడుగు తీగ స్కానర్ ఒకటి అడిగి తెప్పించుకుంది. బరువు సరుకు వస్తే తనే కుర్చీ లోంచి లేచి, కౌంటర్ చుట్టూ తిరిగి, ట్రాలీలో వంగి స్కాన్ చేస్తుంది. క్యూ నెమ్మదిగా కదులుతోంది. టైలరమ్మ వచ్చినప్పుడల్లా బిల్లు బుట్టలో వేయకుండా అక్కడే నిలబడి, అడుగు లైను దాకా చదివి, అప్పుడు తలూపి వెళ్తుంది.

కొత్త సూపర్‌వైజర్ వచ్చాడు. మర్యాదస్తుడు. మొదటి రోజే టీ వేళకి వచ్చి, "వదిన గారూ, మీరు వెళ్ళి టీ తాగి రండి, నేను చూసుకుంటాను," అన్నాడు.

"సంతోషం," అంది వదిన. లాగిన్ మూసింది. గల్లాలోని తన డబ్బు ట్రే తీసి అరలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి కోటు జేబులో వేసుకుని, అతనికి తన కుర్చీ చూపించింది.

"మీ లాగిన్‌తో తెరుచుకోండి బాబూ. నా కుర్చీ ఇస్తాను కానీ, నా పేరు ఇవ్వను."